తెలియని నంబర్‌కు పేరు ఎక్కడి నుంచి వస్తుంది? కనిపెట్టే పద్ధతి

ఎవరైనా మీకు కాల్ చేసినప్పుడు నెట్‌వర్క్ మోసుకొచ్చేది ముఖ్యంగా నంబర్. పేరు చాలాసార్లు దాని వెంట రాదు. నంబర్ మీ దాకా వచ్చాక, దాన్ని పట్టుకుని ఎవరో ఒకరు ఎక్కడో ఒక జాబితాలో వెతుకుతారు. దొరికితే పేరు కనిపిస్తుంది, దొరకకపోతే ఉత్త నంబరే మిగులుతుంది. ఆ వెతికేది మీ ఫోన్ కావచ్చు, అందులోని యాప్ కావచ్చు, మీ ఆపరేటర్ కావచ్చు. ఈ ముగ్గురి జాబితాలూ వేరు. అందుకే ఒకే నంబర్ మీ ఫోన్‌లో ఒక పేరుతో, మీ అన్నయ్య ఫోన్‌లో ఇంకో పేరుతో, ఇంట్లో ల్యాండ్‌లైన్‌లో అసలు పేరే లేకుండా మోగుతుంది.

కాబట్టి "ఈ పేరు నిజమేనా" అని అడిగే ముందు "ఈ పేరు ఎవరిచ్చారు" అని తేల్చుకోవాలి. ఆ పని వరసగా ఇలా చేయండి.

1. ముందు తెరను జాగ్రత్తగా చదవండి

పేరు ఏ రూపంలో ఉందో చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. కాల్ వస్తుండగా స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత కాల్ లాగ్‌లో చూద్దామనుకుంటే కుదరదు. కొన్ని యాప్‌లు కాల్ అయిపోయాక నంబర్‌ను మళ్లీ వెతికి లాగ్‌లో పేరు మార్చేస్తాయి. మోగినప్పుడు చూసింది, లాగ్‌లో ఉన్నది ఒకటే కాకపోవచ్చు.

ఐఫోన్‌లో పేరు ముందు `Maybe:` అని ఉంటే అది మీ ఫోనే వేసిన ఊహ. మీకొచ్చిన మెయిల్‌లోనో మెసేజ్‌లోనో ఆ నంబర్ ఒక పేరు పక్కన కనిపించింది, ఫోన్ ఆ రెంటినీ జోడించింది. ఆపరేటర్‌కు దానితో సంబంధం లేదు, అవతలి మనిషికి అసలే లేదు.

పేరు పక్కన యాప్ గుర్తో, యాప్ పేరో ఉంటే అది ఆ యాప్ జాబితాలోది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫోన్ యాప్ వాడుతుంటే, గూగుల్‌లో తమ వ్యాపార వివరాలు నమోదు చేసుకున్న సంస్థల పేర్లు ఏ అదనపు యాప్ లేకుండానే కనిపిస్తాయి. మీ కాంటాక్ట్స్‌లో లేకపోయినా కొరియర్ ఆఫీసో, ఆసుపత్రో పేరుతో మోగడానికి చాలాసార్లు కారణం ఇదే.

పేరు మొత్తం పెద్దక్షరాల్లో ఉండి, చివర్లో మాట మధ్యలో తెగిపోయి ఉంటే అది అమెరికా తరహా నెట్‌వర్క్ పేరు. అక్కడి పద్ధతిలో పేరుకు దక్కేది 15 అక్షరాల చోటే, ఖాళీలతో కలిపి. `RIVERSIDE FURNITURE` అన్న పేరు అందులో `RIVERSIDE FURNI` దగ్గర ఆగిపోతుంది.

`WIRELESS CALLER` అని వస్తే అది ఎవరి పేరూ కాదు. మొబైల్ నంబర్‌కు అసలు పేరు దొరకనప్పుడు పెట్టిన పూరకం. నంబర్ కింద కనిపించే ఊరు, రాష్ట్రం పేర్లు కూడా ఇలాంటివే. నంబర్ మొదటి అంకెలు ఏ ప్రాంతానికి కేటాయించినవో చూసి ఫోన్ దాన్ని రాస్తుంది. ఆ మనిషి ఇప్పుడు అక్కడ ఉన్నాడని దాని అర్థం కాదు. నంబర్ మార్చుకోకుండా ఊరు మారినవాళ్లందరికీ పాత ఊరే కనిపిస్తుంది.

2. ఒక్కొక్కటే ఆపేసి మళ్లీ కాల్ చేయించండి

తెర చూసినా తేలకపోతే పరీక్ష పెట్టాలి. దీనికి అవతలివాళ్లు మళ్లీ కాల్ చేయగలగాలి కాబట్టి, మీకు తెలిసినవాళ్ల నంబర్‌తోనో మీ రెండో నంబర్‌తోనో చేయండి. ముందు ఆ నంబర్‌ను కాంటాక్ట్స్‌లోంచి తీసేయండి. మెయిల్ ఖాతా, సిమ్, ఫోన్ మెమరీ, మూడు చోట్లా చూడండి. ఒక్కచోట మిగిలిపోయినా పేరు అక్కడి నుంచే వస్తుంది, పరీక్ష వృథా అవుతుంది. కాంటాక్ట్స్‌కు అన్నింటికంటే ముందు స్థానం ఉంటుంది.

మొదటి కాల్ ఏమీ మార్చకుండా చేయించి, కనిపించింది రాసుకోండి.

రెండో కాల్‌కు ముందు యాప్‌ల గుర్తింపు ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో `Settings > Apps > Default apps > Caller ID & spam app` దగ్గర `None` ఎంచుకోండి. తర్వాత ఫోన్ యాప్ సొంత సెట్టింగ్స్‌లో `Caller ID & spam` ఉంటే అదీ ఆపండి. ఇవి రెండు వేర్వేరు స్విచ్‌లు. ఒకటి ఆపి రెండోది మరిచిపోవడం ఈ పరీక్షలో ఎక్కువగా జరిగే పొరపాటు. ఐఫోన్ కొత్త వెర్షన్లలో `Settings > Apps > Phone > Call Blocking & Identification` లో ఒక్కో యాప్ పక్కన స్విచ్ ఉంటుంది. కంపెనీని బట్టి మెనూ పేర్లు కొద్దిగా మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో `caller` అని కొట్టండి.

మూడో కాల్‌కు ముందు వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపండి. 4జీలో మాట కూడా డేటా రూపంలోనే వెళ్తుంది కదా, కాల్ ఎలా వస్తుందని అనుమానం రావచ్చు. మాటకు నెట్‌వర్క్ విడిగా దారి పెడుతుంది, మీ డేటా స్విచ్ దాన్ని ముట్టుకోదు. కాబట్టి కాల్ మామూలుగానే వస్తుంది.

ఇప్పటికీ పేరు కనిపిస్తుంటే అది నెట్‌వర్క్ ఇచ్చిందనుకోవచ్చు. రూఢి చేసుకోవాలంటే సిమ్‌ను ఇంకో ఫోన్‌లో వేసి చూడండి. అక్కడా అదే పేరు వస్తే అది మీ ఆపరేటర్ పంపుతున్నదే.

డేటా ఆపే పరీక్ష ఒక్కటే చేసి తీర్పు చెప్పేయకండి. ఐఫోన్‌లో పేర్లు చూపించే పాత తరహా యాప్‌లు తమ జాబితాను ముందే ఫోన్‌లోకి దించి పెడతాయి. కాల్ వచ్చినప్పుడు ఫోన్ ఆ యాప్‌ను అడగదు, దించిన జాబితాలో చూసుకుంటుంది. డేటా లేకపోయినా పేరు వచ్చేస్తుంది. ఆ జాబితా చాలా రోజులుగా నవీకరణ కాకపోతే పాత పేరే వస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు కూడా ఒకసారి వెతికిన నంబర్‌ను దాచుకుంటాయి. అందుకే యాప్‌ల గుర్తింపు ఆపడం ముందు, డేటా ఆపడం తర్వాత.

3. నెట్‌వర్క్ పేరు ఎలా తయారవుతుందో తెలుసుకోండి

పరీక్షలో పేరు నెట్‌వర్క్‌దని తేలితే, అది ఏ పద్ధతిలో వచ్చిందో తెలియాలి. ఇందులో రెండు దారులున్నాయి.

అమెరికా దారిలో కాల్ అందుకునే వైపు ఆపరేటర్ పేరు వెతుకుతాడు. కాల్ చేసేవాళ్ల కంపెనీ తన నంబర్ల పేర్లను ఒక డేటాబేస్‌లో పెడుతుంది. మీ ఆపరేటర్ వచ్చిన నంబర్‌తో ఆ డేటాబేస్‌ను అడిగి, జవాబును మీకు పంపుతాడు. అడిగిన ప్రతిసారీ ఖర్చు ఉంటుంది కనుక కొందరు ఆపరేటర్లు ఈ సేవను ఉచితంగా ఇవ్వరు, కొందరు ఒకసారి వచ్చిన జవాబును దాచుకుని కొన్నాళ్లు దాన్నే వాడతారు.

కెనడాలో సాధారణంగా పేరు కాల్‌తో పాటే ప్రయాణిస్తుంది. కాల్ మొదలుపెట్టే వైపే పేరు రాసి పంపుతుంది.

భారత్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫార్సు చేసిన పద్ధతి మొదటి దారికి దగ్గరగా ఉంటుంది. కాల్ చేసేవాళ్ల కనెక్షన్ దరఖాస్తు ఫారంలో ఏ పేరు ఉందో ఆ పేరే అవతలి తెర మీద కనబడాలన్నది అందులో మూలసూత్రం. దీన్ని సీనాప్ అంటారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సిమ్ నాన్న పేరు మీద తీసుకుని కూతురు వాడుతుంటే, ఆమె కాల్ చేసినప్పుడు కనిపించేది నాన్న పేరే. అది తప్పుడు పేరు కాదు, మోసమూ కాదు. రికార్డులో ఉన్న పేరు అది.

ల్యాండ్‌లైన్‌లో ఇంకో చిన్న చిక్కు ఉంది. అమెరికా తరహా పాత లైన్లలో నంబర్, పేరు రెండూ మొదటి రింగ్‌కూ రెండో రింగ్‌కూ మధ్య ఉన్న నిశ్శబ్దంలో చిన్న శబ్ద సంకేతంగా వస్తాయి. మొదటి రింగ్ మోగుతుండగానే రిసీవర్ ఎత్తేస్తే ఆ సంకేతం అందదు. "మా ఫోన్‌లో ఒక్కోసారి పేరు వస్తుంది, ఒక్కోసారి రాదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు అడగాల్సింది ఎన్నో రింగ్‌కు ఎత్తుతున్నారని. రెండో రింగ్ మొదలయ్యేదాకా ఆగి చూడమనండి. ఆ లైన్‌కు నంబర్ మాత్రమే తీసుకుని పేరు తీసుకోని సేవ ఉన్నా ఎంతసేపు ఆగినా పేరు రాదు. బిల్లులో ఏ సేవ ఉందో చూసుకోవాలి.

4. ఒకే నంబర్, మూడు తెరలు

అమెరికాలోని ఒక పుస్తకాల షాపును తీసుకుందాం, పేరు ఆశా బుక్స్ అనుకోండి. ఇంటర్నెట్ ఫోన్ సేవ నుంచి `+1 202 555 0143` అన్న నంబర్ తీసుకున్నారు. అది అంతకుముందు ఒక ఫర్నిచర్ దుకాణానిది. షాపువాళ్లు తమ ఫోన్ సెట్టింగ్స్‌లో `Display name` దగ్గర `Asha Books` అని రాసుకున్నారు. షాపులోని ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు చేస్తే ఆ పేరే కనిపిస్తోంది. బయటివాళ్లకు చేస్తే ఒక ల్యాండ్‌లైన్‌లో `RIVERSIDE FURNI`, ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌లో `Asha Books`, ఒక ఐఫోన్‌లో ఉత్త నంబర్.

షాపు ఫోన్ బయటకు పంపే సందేశంలో అవసరమైన వరసలు ఇలా ఉంటాయి:

```
INVITE sip:+12025550187@example.net SIP/2.0
From: "Asha Books" <sip:+12025550143@example.com>;tag=8f2a
P-Asserted-Identity: <sip:+12025550143@example.com>
Privacy: none
```

`From` వరసలో కోట్‌ల మధ్య ఉన్నదే వాళ్లు సెట్టింగ్స్‌లో రాసుకున్న పేరు. లోపలి ఫోన్లు దాన్నే చదివి చూపిస్తాయి. కాల్ బయటి నెట్‌వర్క్‌లోకి వెళ్లాక అందుకునే ఆపరేటర్ ఈ పేరును నమ్మడు. నమ్మితే ఎవరైనా ఏ పేరైనా రాసి పంపొచ్చు. అతను నంబర్‌ను మాత్రం తీసుకుని డేటాబేస్‌లో వెతుకుతాడు. అక్కడ పాత దుకాణం పేరు ఇంకా చెరగలేదు, అందుకే ల్యాండ్‌లైన్‌లో `RIVERSIDE FURNI`.

ఆండ్రాయిడ్ ఫోన్‌కు సరైన పేరు ఎలా వచ్చింది? షాపువాళ్లు గూగుల్‌లో తమ వ్యాపారాన్ని ఇదే నంబర్‌తో నమోదు చేసుకున్నారు. ఆ ఫోన్ యాప్ అక్కడ వెతికింది. ఆపరేటర్ డేటాబేస్‌తో దానికి పనిలేదు. ఇక ఐఫోన్‌లో ఏ గుర్తింపు యాప్ లేదు, దాని ఆపరేటర్ ప్లాన్‌లో పేరు చూపే సేవ లేదు, మెయిల్స్‌లో ఆ నంబర్ ఎప్పుడూ కనిపించలేదు. మూడు తలుపులూ మూసి ఉన్నాయి కాబట్టి నంబర్ మాత్రమే మిగిలింది.

ఇక్కడ సెట్టింగ్స్‌లో పేరు ఎన్నిసార్లు మార్చినా ల్యాండ్‌లైన్‌లో మార్పు రాదు. చాలామంది అక్కడే గంటలు పోగొట్టుకుంటారు. చేయాల్సింది నంబర్ ఇచ్చిన ఫోన్ సేవ సంస్థకు "ఈ నంబర్‌కు కాలర్ నేమ్ రికార్డు `ASHA BOOKS` గా మార్చండి" అని రాతపూర్వకంగా అడగడం. చాలా సేవల్లో ఖాతా పేజీలోనే దీనికి విడిగా పెట్టె ఉంటుంది, అది `Display name` పెట్టె కాదు. పేరును 15 అక్షరాల్లోపు మీరే కుదించి ఇవ్వండి. వాళ్లకు వదిలేస్తే ఎక్కడ తెగుతుందో మీ చేతిలో ఉండదు. మార్చాక కొన్ని రోజులు ఆగి, కనీసం ఇద్దరు వేర్వేరు ఆపరేటర్ల ల్యాండ్‌లైన్లకు కాల్ చేసి చూడండి. ఒకచోట కొత్త పేరు, ఒకచోట పాత పేరు వస్తే రెండో ఆపరేటర్ పాత జవాబును దాచుకున్నాడని అర్థం. రెండు చోట్లా పాతదే ఉంటే మార్పు డేటాబేస్‌కు చేరలేదు, మీ సంస్థను మళ్లీ అడగాలి.

5. ఏమీ కనిపించకపోతే

పేరు రాకపోవడం, నంబరే రాకపోవడం వేర్వేరు సంగతులు. నంబరే రాకపోతే ఎక్కువగా అవతలివాళ్లు దాచుకున్నారు. నంబర్ దాచినప్పుడు పేరు కూడా మీ దాకా రాదు, వెతకడానికి యాప్‌కు ఆధారమే ఉండదు. పాత ల్యాండ్‌లైన్ సంకేతంలో నంబర్ బదులు `P` అన్న అక్షరం వస్తే కావాలని దాచారని, `O` వస్తే దారిలో ఏదో నెట్‌వర్క్ నంబర్‌ను ముందుకు పంపలేదని అర్థం. తెర మీద మొదటిది `PRIVATE` అని, రెండోది `OUT OF AREA` లేదా `UNAVAILABLE` అని కనిపిస్తుంది. రెండోదాన్ని చూసి ఎవరో దాక్కుని చేస్తున్నారని అనుకోనక్కర్లేదు.

నంబర్ వచ్చి పేరు రాకపోతే మూడు సంగతులు చూడండి.

మొదటిది, కాల్ వేరే దేశం నుంచా? దేశాల పేర్ల డేటాబేస్‌లు సాధారణంగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. విదేశీ నంబర్‌కు నెట్‌వర్క్ పేరు ఆశించకండి. దానికి పేరు వస్తే అది దాదాపు ఎప్పుడూ యాప్‌దే.

రెండోది, సమయం. యాప్ మీ ఇంటర్నెట్ మీద వెతుకుతుంది, జవాబు రింగ్ అవుతుండగానే రావాలి. ఆండ్రాయిడ్‌లో కాల్‌ను పరిశీలించే యాప్ 5 సెకన్లలోపు తన నిర్ణయం చెప్పాలి. డేటా బలహీనంగా ఉంటే ముందు నంబర్ కనిపించి, రెండు మూడు సెకన్ల తర్వాత పేరు వచ్చి చేరుతుంది, లేదా మీరు ఎత్తేసేదాకా రాదు. బ్యాటరీ పొదుపు కోసం ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చినా ఇదే జరుగుతుంది. యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను `Unrestricted` చేసి చూడండి.

మూడోది, మీరు సేవ్ చేసుకున్న నంబరే పేరు లేకుండా మోగితే అది రాసిన తీరులో తేడా. కాంటాక్ట్‌లో దేశ కోడ్ లేకుండా ముందు సున్నాతో రాసుకుని ఉంటారు, కాల్ మాత్రం దేశ కోడ్‌తో వస్తుంది. స్వదేశంలో ఉన్నప్పుడు ఫోన్ ఈ తేడాను సర్దుకుంటుంది, పరాయి దేశంలో తికమకపడుతుంది. అన్ని నంబర్లనూ `+`, దేశ కోడ్, నంబర్ అన్న వరసలో, మధ్యలో సున్నా లేకుండా సేవ్ చేయండి. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. పాత ఆండ్రాయిడ్ వెర్షన్లు చివరి 7 అంకెలు కలిస్తే చాలు, ఒకే నంబర్ అనుకునేవి. అందువల్ల పూర్తిగా వేరే ప్రాంతం నంబర్‌కు మీ బంధువు పేరు కనిపించిన సందర్భాలుండేవి. పాత ఫోన్‌లో వింత పేరు వస్తే మొత్తం అంకెలను ఒక్కొక్కటిగా పోల్చి చూడండి.

6. మీ నంబర్‌కు తప్పు పేరు వస్తుంటే

ఎవరి తెర మీద తప్పు వస్తుందో వాళ్లనే పై పరీక్ష చేయమనండి, ఎవరి జాబితాలో తప్పుందో తేలుతుంది. అది ఆపరేటర్‌దైతే మీ ఆపరేటర్ దగ్గర కనెక్షన్ రికార్డు సరిచేయించాలి. యాప్‌దైతే ఆ యాప్‌లో మీ నంబర్ మీదే అని ఓటీపీతో నిరూపించుకుని పేరు మార్చుకోవచ్చు. యాప్ వాడే ఇష్టం లేకపోతే జాబితా నుంచి నంబర్ తీసేయమని అడిగే పేజీ దాని వెబ్‌సైట్‌లో ఉందేమో చూడండి. ఒక యాప్‌లో సరిచేస్తే ఇంకో యాప్‌లో మారదు, విడివిడిగానే చేయాలి. అవతలి మనిషి తన కాంటాక్ట్స్‌లో మీకు పెట్టుకున్న పేరును మాత్రం ఏ సంస్థా మార్చలేదు.

7. పేరును ఎంతవరకు నమ్మాలి

పేరును నంబర్ ఆధారంగా వెతుకుతున్నారు కాబట్టి, మోసగాడు పేరును మార్చనక్కర్లేదు. బ్యాంకు నంబర్‌ను తన నంబర్‌గా చూపించి కాల్ చేస్తే చాలు, డేటాబేస్ నిజాయితీగా బ్యాంకు పేరు తెచ్చి మీ ముందు పెడుతుంది. పేరు ఎంత కచ్చితమైన డేటాబేస్ నుంచి వచ్చినా ఈ లోపం పోదు.

దీనికి విరుగుడుగా అమెరికా, కెనడా లాంటి చోట్ల స్టిర్/షేకెన్ అన్న సంతకం పద్ధతి వచ్చింది. కాల్ మొదలైన ఆపరేటర్ ఆ నంబర్ వాడే హక్కు కాల్ చేసినవాళ్లకు ఉందో లేదో `A`, `B`, `C` స్థాయిల్లో సంతకం చేసి పంపుతాడు. `A` అంటే వినియోగదారుడెవరో తెలుసు, ఆ నంబర్ అతనిదేనని కూడా తెలుసు. `B` అంటే వినియోగదారుడు తెలుసు గానీ నంబర్ సంగతి చెప్పలేను. `C` అంటే కాల్ తన దగ్గరికి ఎక్కడి నుంచి చేరిందో మాత్రమే తెలుసు. ఫోన్ తెర మీద కనిపించే టిక్ గుర్తు సాధారణంగా ఈ `A` స్థాయికి వస్తుంది. అది నంబర్‌కు హామీ. పక్కనున్న పేరుకు గానీ, మాట్లాడేవాడి ఉద్దేశానికి గానీ హామీ కాదు.

డబ్బు, ఓటీపీ, ఖాతా వివరాల ప్రస్తావన రాగానే, తెర మీద ఏ పేరున్నా కాల్ కట్ చేయండి. కార్డు వెనక ముద్రించిన నంబర్‌ను మీ చేత్తో కొట్టి కాల్ చేయండి. కాల్ లాగ్‌లో ఆ పేరు మీద నొక్కి తిరిగి చేయొద్దు. మోసగాడు చూపించింది కాస్త తేడా ఉన్న నంబరైతే, ఆ నొక్కు మిమ్మల్ని మళ్లీ వాడి దగ్గరికే తీసుకెళ్తుంది.